దోవ మార్గమైన కథ

మొన్న వేసవిలో నా స్నేహితుడి తల్లి చనిపోతే సమాధి కార్యక్రమానికి వెళ్ళాను. ఎండ మండిపోతోంది. గుంట పక్కన నిలబడి పాస్టరుగారు బైబిలు తెరిచి "నేనే మార్గమును, సత్యమును, జీవమును" అని చదవడం మొదలుపెట్టారు. నా పక్కనే ఉన్న ఒక పెద్దాయన, ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, నా చెవి దగ్గరికి వంగి, "వీళ్ళ తెలుగు వేరు బాబూ. దొరలకు మన భాష సరిగా రాక అలా తయారుచేసి పెట్టారు" అన్నారు. సందర్భం చూసి తల ఊపి ఊరుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆ మాట వదలలేదు. మార్గము, సత్యము, జీవము. మూడూ సంస్కృతం నుంచి వచ్చిన మాటలు. మూడింటికీ శుభ్రంగా ద్వితీయా విభక్తిలా కనిపించే "ను". పురాణం వచనంగా రాసే ఏ పండితుడైనా ఇలాగే రాస్తాడు. మాస్టారు తన ఉద్యోగ జీవితమంతా పిల్లలకు నేర్పింది కూడా ఇలాంటి భాషే. మరి ఇందులో దొర ఎక్కడున్నాడు? దొరకు తెలుగు రాకపోతే పుట్టే తెలుగు ఇది కాదు. పండితుడికి తెలుగు మరీ బాగా వస్తే పుట్టే తెలుగు ఇది.

అయినా మాస్టారి చెవికి అది "వీళ్ళ తెలుగు"గానే వినిపించింది. నాకూ అలాగే వినిపిస్తుంది. కళ్ళు మూసుకుని వింటున్నా రెండు వాక్యాల్లో చెప్పేస్తాం, ఇది చర్చి భాష అని. పండితుల ఇంట పుట్టిన భాష ఒక మతానికి గుర్తుగా ఎలా మారిందన్నదే నా ప్రశ్న. మిషనరీల అచ్చుయంత్రం జనం భాషను జనం చేతిలో పెట్టిందని సభల్లో తరచూ వింటాం. తెలుగు విషయంలో నాకు అది నిజమనిపించదు. అచ్చు అడిగింది జనం భాషను కాదు, మారని భాషను. ఆ మారని భాష కోసం వాళ్ళు వెళ్ళిన ఇంటి తలుపు పండితుడిది. మతాల మధ్య గీత కూడా ఆ గుమ్మంలోనే పడిందని నా అభిప్రాయం.

హాలేలో అచ్చయిన దోవ

తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు తెలుగునేల మీద రాలేదు. జర్మనీలోని హాలే పట్టణంలో 1746, 47 సంవత్సరాల్లో వచ్చాయి. అచ్చు వేయించినవాడు బెంజమిన్ షుల్జ్, లూథరన్ మిషనరీ. 1719లో తరంగంబాడికి వచ్చి, 1726లో మద్రాసుకు మారి, అక్కడ తెలుగు నేర్చుకుని, 1728 నాటికి లాటిన్‌లో ఒక తెలుగు వ్యాకరణం రాశాడు. బైబిలును తెలుగు చేశాడు. వ్యాకరణమూ అనువాదమూ రెండూ చేతిరాతలోనే ఉండిపోయాయి. స్వదేశానికి తిరిగి వెళ్ళాక తెలుగు అచ్చులు పోయించి చిన్న చిన్న పుస్తకాలు కొన్ని వేశాడు.

వాటిలో ఒకదాని పేరు "మోక్షానికి కొంచు పొయ్యే దోవ".

ఈ పేరు మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. తరవాత నవ్వు పోయి ఆశ్చర్యం మిగిలింది. మోక్షం పక్కన దోవ! "కొంచు పొయ్యే" అన్నది మద్రాసు వీధిలో ఆయన చెవిన పడ్డ మాట. వ్యాకరణ పండితుడెవరైనా ఆ ప్రూఫు చూసి ఉంటే "మోక్షమునకు గొనిపోవు మార్గము" అని దిద్దేవాడు. దిద్దేవాడు లేడు కనుక దోవ దోవగానే అచ్చయింది. అంటే మన తొలి అచ్చు తెలుగు మాట్లాడే తెలుగుకు చాలా దగ్గరగా ఉంది. కాకపోతే చదివేవాళ్ళు వేల మైళ్ళ దూరంలో ఉన్నారు.

ఇక్కడే ఇంకొకటి గమనించాలి. షుల్జ్ "మోక్షం" అనే మాటను జంకూ గొంకూ లేకుండా తీసుకున్నాడు. పునర్జన్మల నుంచి విడుదల అనే అర్థం ఆ మాటకు అంటుకుని ఉందని ఆయనకు తెలియకపోదు. అయినా వాడాడు, ఎందుకంటే వినేవాడికి అర్థమయ్యే మాట అదే. ఇప్పుడు చర్చిలో వినిపించేది మోక్షం కాదు, "రక్షణ". దోవ మార్గమైంది, మోక్షం రక్షణ అయింది. మొదటి మార్పు భాషను పైమెట్టు ఎక్కించింది. రెండోది పొరుగింటి మాటను వాళ్ళకే వదిలిపెట్టి కొత్త మాటను స్థిరపరచింది. మతానికి సొంత భాష ఏర్పడాలంటే ఈ రెండు పనులూ జరగాలి.

సీసం ఒక్క రూపాన్నే ఒప్పుకుంటుంది

అచ్చుకూ వ్యాకరణానికీ ఉన్న చుట్టరికం అర్థం కావాలంటే అక్షరం ఎలా తయారయ్యేదో ఒకసారి చూడాలి. ఉక్కు కడ్డీ చివర అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని రాగి ముక్క మీద పెట్టి కొడితే గుంట పడుతుంది. ఆ గుంటలో కరిగిన సీసం పోస్తే ఒక అచ్చు. తెలుగులో గుణింతాలు ఉన్నాయి, వత్తులు ఉన్నాయి. ఒక్క "క" తో పని జరగదు. కా, కి, కీ, కు అన్నీ విడివిడిగా కావాలి. రోమన్ లిపికి రెండు పెట్టెల అచ్చులు చాలితే తెలుగుకు వందల గళ్ళు కావాలి.

తాటాకు మీద రాసే లేఖకుడు ఒకచోట "చేసినాడు" అనీ మరోచోట "చేశాడు" అనీ రాస్తే కొంపలేమీ మునగవు. పది తాళపత్ర ప్రతుల్లో పది పాఠాలు ఉంటాయి, చదువరి సర్దుకుంటాడు. కంపోజిటరు అలా సర్దుకోలేడు. పైగా ఆ రోజుల్లో అచ్చులు కూర్చేవాడికి తాను కూర్చే భాష చాలాసార్లు రాదు. ఈ మాటకు ఈ అక్షరాలు, ఎప్పుడూ ఇవే, అని ఎవరో తేల్చి చెప్పాలి. ఆ తేల్చి చెప్పడమే వ్యాకరణం. అందుకే మిషనరీ వెళ్ళిన ప్రతిచోటా అచ్చుయంత్రమూ వ్యాకరణమూ నిఘంటువూ జంటగానో వెనకా ముందుగానో వచ్చాయి. భాష మీద ప్రేమ ఉందా లేదా అన్నది తరవాతి సంగతి.

తెలుగుకు ఈ పని జరిగిన తొలి చోటు బెంగాల్లోని శ్రీరాంపూర్. మత ప్రచారకులను కంపెనీ తన సరిహద్దుల్లోకి రానివ్వని రోజులు అవి. డేనిష్ వాళ్ళ పట్టణం కనుక శ్రీరాంపూర్‌లో విలియం కేరీ బృందం 1800లో నిలదొక్కుకుంది. అటు విశాఖపట్నంలో 1805 నుంచి లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ అనే ఇద్దరు పనిచేశారు. క్రాన్ 1809లో, డే గ్రాంజ్ 1810లో చనిపోయారు. ఆ నాలుగైదేళ్ళలోనే కొన్ని సువార్తలు తెలుగయ్యాయి. అనువాదానికి ఆధారంగా నిలిచినవాడు ఆనందరాయరు, క్రైస్తవం పుచ్చుకున్న బ్రాహ్మణుడు. ఆ సువార్తలు అచ్చు కోసం శ్రీరాంపూర్ చేరి 1812లో బయటికి వచ్చాయి. అదే ఏడాది మార్చి 11న శ్రీరాంపూర్ ముద్రణశాల తగలబడిపోయింది. కాగితం పోయింది, చేతిరాతలు పోయాయి, ఎన్నో భాషల అచ్చులు కరిగి ముద్దయ్యాయి. అచ్చు పోసే గుంటలు మాత్రం మిగిలాయి. కరిగిన సీసాన్నే మళ్ళీ కరిగించి కొత్త అచ్చులు పోసుకున్నారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1814లో, కేరీ తెలుగు వ్యాకరణం వచ్చేసింది.

శ్రీరాంపూర్ పద్ధతిలో నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. కేరీకి డజన్ల కొద్దీ భాషల్లో బైబిలు కావాలి. ప్రతి భాషకూ ఒక పండితుణ్ణి పెట్టుకున్నాడు. ఈ పండితులందరికీ గ్రీకు రాదు, హీబ్రూ రాదు. కానీ అందరికీ సంస్కృతం వచ్చు. కనుక సంస్కృత అనువాదం ఒకటి ముందు తయారైతే, దాన్ని చూసి ఎవరి భాషలోకి వారు దించవచ్చు. కేరీ తరవాత సరిచూస్తాడు. లెక్క చక్కగా ఉంది. ఫలితం మాత్రం ఊహించుకోవచ్చు. సంస్కృతం చూసి తెలుగు చేసే పండితుడి కలానికి దోవ తగలదు, మార్గమే తగులుతుంది. శ్రీరాంపూర్ తెలుగు కొత్త నిబంధన ఎక్కువ కాలం వాడుకలో నిలవలేదు. మద్రాసులోనూ విశాఖలోనూ తరవాతి వాళ్ళు మళ్ళీ మళ్ళీ తిరగరాశారు. కానీ పక్కన పండితుణ్ణి కూర్చోబెట్టుకునే అలవాటు నిలిచింది, ఆయన చెవికి ఇంపైన తెలుగూ నిలిచింది.

ఒక్క వాక్యం

ఇప్పటికీ ఎక్కువ ఇళ్ళలో ఉండే తెలుగు బైబిలు మొదటి వాక్యం ఇది: "ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను."

మూలంలో ఉన్న వరుస ఆకాశం, తరవాత భూమి. ఇంగ్లీషులోనూ అదే వరుస. తెలుగులో తిరగబడింది. ఎందుకు? "ఆకాశభూములు" అంటే పండితుడి చెవికి ఎలాగో ఉంటుంది. "భూమి"ని ముందు పెడితే ఇకారం మీద ఆకారం వచ్చి యణాదేశ సంధి జరుగుతుంది, భూమ్యాకాశములు అని సమాసం గుండ్రంగా కుదురుతుంది. ఇది నా ఊహే. కానీ సృష్టి క్రమం చెప్పే పవిత్ర వాక్యంలో వరుస మారడానికి ఇంతకు మించిన కారణం నాకు తోచడం లేదు. ప్రతి పదాన్నీ దైవవాక్కుగా చూసే మతం, తన పుస్తకం మొదటి వాక్యంలో వ్యాకరణానికి దారి ఇచ్చింది.

ఈ వాక్యాన్ని బడికి వెళ్ళని ఒక రైతుకూలీకి చదివి వినిపించండి. "దేవుడు" అర్థమవుతుంది. మిగతాదంతా గుడిలో వినిపించే మంత్రంలాగే గంభీరంగా ఉంటుంది. లూథర్ వారసులమని చెప్పుకునే ప్రొటెస్టెంట్లకు ఇది సంకటం కాదా? చాకలి, మంగలి, గృహిణి మాట్లాడే భాషలో వాక్యం ఉండాలన్నది వాళ్ళ సిద్ధాంతం. తెలుగులో ఆ సిద్ధాంతం వ్యాకరణం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది.

వింత ఏమిటంటే, మాట్లాడే తెలుగుకు పుస్తకంలో చోటిచ్చిన దొర మిషనరీ కాడు. సి. పి. బ్రౌన్ కంపెనీ ఉద్యోగి. తండ్రి డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో మతగురువు, కొడుకు కడపలో రెవెన్యూ పని. 1840లో వచ్చిన ఆయన వ్యాకరణంలో జనం నోటి రూపాలు ఉన్నాయి. 1852 నిఘంటువు పక్కనే కచేరీల్లో వాడే ఉర్దూ, పారసీ మాటలకు వేరే నిఘంటువు చేశాడు. అచ్చయింది మాత్రం మద్రాసు వేపేరిలో, క్రైస్తవ జ్ఞాన సంఘం వారి ముద్రణశాలలో. ఆ ముద్రణశాల పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. 1761లో ఇంగ్లీషువాళ్ళు పుదుచ్చేరిని పట్టుకున్నప్పుడు ఫ్రెంచివారి అచ్చుయంత్రాన్ని కొల్లసొమ్ముగా మద్రాసుకు తెచ్చి, తమ పనులు కూడా చేసిపెట్టాలన్న షరతుతో వేపేరి మిషనరీ ఫాబ్రిషియస్ చేతిలో పెట్టారు. వాక్యమూ సర్కారు కాగితాలూ ఒకే యంత్రం కింద నలిగాయి.

"కొందరి మతము"

మన వ్యాకరణ వ్యాఖ్యానాలు చదివినవాళ్ళకు "అని కొందరి మతము" అన్న మాట పరిచయమే. ఫలానా సంధి నిత్యమని ఒకరి మతం, వైకల్పికమని ఇంకొకరి మతం. మతం అంటే అభిప్రాయం. ఒకే పండితుడు ఒక సూత్రంలో ఒకరి మతాన్నీ, మరో సూత్రంలో ఇంకొకరి మతాన్నీ ఒప్పుకోవచ్చు. శైవమతం, వైష్ణవమతం అన్నప్పుడు కూడా సిద్ధాంతం అన్న ఆ పాత అర్థం పూర్తిగా పోలేదు.

ఇదే మాట పంతొమ్మిదో శతాబ్దంలో కరపత్రాల్లో, నిఘంటువుల్లో, 1871 నుంచి జనాభా లెక్కల కాగితాల్లో ఇంకో బరువు మోయడం మొదలుపెట్టింది. మనిషికి ఒక మతమే ఉంటుంది. దానికి పేరుండాలి, పుస్తకం ఉండాలి, లోపలివాళ్ళూ బయటివాళ్ళూ ఉండాలి. "మతం పుచ్చుకున్నాడు", "మతంలో కలిశాడు" అని మన పల్లెల్లో అనేవారు. ఏ మతమో చెప్పక్కర్లేదు, క్రైస్తవమే. మా నాయనమ్మ కూడా అలాగే అనేది. కలవనివాళ్ళకు మతం ఉందన్న ఆలోచనే ఆ మాటలో లేదు. వాళ్ళకు కులం ఉంది, ఇలవేల్పు ఉంది, గురువు ఉన్నాడు. మతం అనేది వెళ్ళి కలిసేది.

ఈ ఒక్క మాట చాలు, అచ్చు ఏం చేసిందో చెప్పడానికి. కలిసినవాళ్ళ లోపల కూడా ఆ గీతలు అక్షరాల్లోనే పడ్డాయి. "తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున" అని ప్రార్థన మొదలైతే ప్రొటెస్టెంట్లు. "పిత పుత్ర పవిత్రాత్మ నామమున" అంటే కథోలికులు. వీళ్ళది బాప్తిస్మం, వాళ్ళది జ్ఞానస్నానం. వీళ్ళు దేవుడంటే వాళ్ళు సర్వేశ్వరుడంటారు. అర్థంలో తేడా వెతికితే దొరకదు. ఏ మిషన్ అచ్చు పుస్తకంలో ఏ మాట పడిందో అది ఆ గుంపుకు ఇంటిపేరైంది. చేతిరాతల కాలంలో ఇన్నిచోట్ల ఒకే మాట ఒకేలా పలకడం సాధ్యమయ్యేది కాదు.

ఎదుటి గట్టు

ఇదంతా మిషనరీల గట్టు మీదే జరిగి ఉంటే కథ చిన్నదే. అవతలి గట్టువాళ్ళూ అదే సీసం పట్టుకున్నారు. మద్రాసులో తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి 1844లో "క్రెసెంట్" అనే ఇంగ్లీషు పత్రిక పెట్టాడు. సర్కారు బడుల్లో బైబిలు పాఠం పెట్టే ప్రయత్నాలనూ, మిషనరీలకు అధికారుల అండనూ ఎదిరించడం దాని ముఖ్య కార్యక్రమం. 1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులు మద్రాసులో ముద్రణశాల పెట్టినప్పుడు దానికి పెట్టుకున్న పేరు "హిందూ భాషా సంజీవిని". పేరు నెమ్మదిగా చదవండి. భాషకు ముందు హిందూ అన్న విశేషణం. వందేళ్ళ ముందు తెలుగు పండితుడెవరూ తన భాషకు ఆ విశేషణం తగిలించి ఉండడు, ఆ అవసరమే లేదు. ఎదురుగా వేపేరి ముద్రణశాల ఉంది కనుక అవసరం వచ్చింది. అప్పటిదాకా ఒక ఊళ్ళో ఒకరి ఇంట్లో ఉండే తాళపత్రాలు అట్ట, పేరు, వెల ఉన్న పుస్తకాలై ఇంటింటికీ వెళ్ళాయి. చేతిలో పట్టుకుని "ఇదీ మా గ్రంథం" అని చూపించగలిగే స్థితి అలా వచ్చింది.

జాఫ్నాలో ఇదే కథ ఇంకా పదునుగా జరిగింది. మిషనరీ పీటర్ పెర్సివల్‌కు తమిళ బైబిలు అనువాదంలో సాయపడిన ఆరుముగ నావలర్, 1849లో సొంతంగా అచ్చుయంత్రం తెచ్చుకుని శైవానికి ప్రశ్నోత్తరాల పుస్తకాలు, బడి వాచకాలు వేశాడు. పద్ధతి మిషనరీలది, విషయం తనది. తెలుగులో అంత సూటిగా జరగలేదు. ఇక్కడ ఆ పోరు మతం పేరుతో కంటే వ్యాకరణం పేరుతోనే ఎక్కువ జరిగిందని నాకు అనిపిస్తుంది.

పరవస్తు చిన్నయసూరి "బాలవ్యాకరణం" 1858లో వచ్చింది. అందులో ఒక సూత్రం: "లక్షణవిరుద్ధంబగు భాష గ్రామ్యంబు". వ్యాకరణానికి ఒప్పనిది గ్రామ్యం. సూరి ఎవరి మతాన్నీ తిట్టలేదు, ఆయన ప్రారంభంలో మిషన్ బడిలో కూడా పాఠాలు చెప్పినవాడే. కానీ బడి పుస్తకాలకు ఆ సూత్రం కొలబద్ద అయ్యాక ఒక తమాషా జరిగింది. తెలుగు రాయడంలో ఎవరు లోపల, ఎవరు బయట అన్నది తేల్చే అధికారం లక్షణ గ్రంథానికి వెళ్ళింది. మిషనరీలు ఆ కొలబద్దను ఒప్పుకునే రాశారు, అయినా పూర్తిగా ఇముడలేదు. యెహోవా, అపొస్తలుడు, పరిసయ్యులు, సబ్బాతు లాంటి మాటలు వాళ్ళ వాక్యాల్లో పంటికింద రాళ్ళలా నిలిచిపోయాయి. వాక్యం పండితుడిది, పేర్లు ఎక్కడో దూరదేశానివి. అందుకే మాస్టారి చెవికి అది "వేరు తెలుగు". పండితులు సొంత మాటలకు వ్యావహారికం వైపు జరిగిపోయాక, ఇరవయ్యో శతాబ్దంలో ఆ ఎడం ఇంకా పెరిగింది. గ్రాంథికం ఇల్లు ఖాళీ చేసి అందరూ వెళ్ళిపోతే అందులో మిగిలిపోయిన కాపురం చర్చిది.

నా వాదానికి ఎదురు తిరిగేవి

ఇంతవరకూ రాశాక నాకే అనుమానాలు మొదలయ్యాయి.

మొదటిది లెక్కకు సంబంధించింది. అచ్చు అంత చేసిందనుకుంటే, 1812 నుంచి 1860ల దాకా తెలుగునాట క్రైస్తవుల సంఖ్య ఎందుకు పెరగలేదు? నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను దండగ అని మూసేద్దామని వాళ్ళ దేశంలోనే పదే పదే చర్చ జరిగింది. ఆ తరవాత ఒంగోలులో జనం పోటెత్తినప్పుడు పుస్తకం చదివి వచ్చినవాళ్ళు ఎందరు? యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ, యోగ సాధన చేసినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని తన బంధువుల ఊళ్ళన్నీ నడిచాడు. కబురు చుట్టరికం వెంట వెళ్ళింది. పెద్ద కరువు ముగుస్తుండగా 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం కోసం మునిగారు. వాళ్ళలో చాలామందికి అక్షరం రాదు. భూమ్యాకాశముల సమాసం వాళ్ళను పిలవలేదు.

కనుక నా వాదాన్ని కొంచెం దిద్దుకోవాలి. అచ్చు మనుషుల్ని తీసుకురాలేదు. వచ్చినవాళ్ళు ఏమవుతారో అది నిర్ణయించింది. పల్లెలో బడి పెట్టి, ఆ పుస్తకమే పాఠంగా చదివించినప్పుడు, చదువు నేర్చుకోవడమూ క్రైస్తవుడు కావడమూ ఒకే పనిగా కలిసిపోయాయి.

రెండోది పాట. 1833లో బాప్తిస్మం తీసుకున్న పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు ఇవాళ్టికీ పాడుతున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి పాట నెత్తిన రాగం, తాళం ఉంటాయి. అచ్చు గీతలు గీస్తున్న కాలంలోనే రాగం ఆ గీతల్ని లెక్కచేయకుండా అటూ ఇటూ తిరిగింది. నేను వాక్యాన్నే పట్టుకుని పాటను వదిలేస్తే సగం సంగతే చెప్పినట్టు. అయితే ఆ రాగతాళాలు కూడా పుస్తకంలో అచ్చయ్యే మనదాకా వచ్చాయని నాలోని వాదప్రియుడు గొణుగుతున్నాడు. వాణ్ణి ఊరుకోబెడతాను.

మూడోది అన్నిటికంటే బలమైనది. అది నా స్నేహితుడు చెప్పింది. దినకార్యాలు అయ్యాక ఒక సాయంత్రం వాళ్ళింట్లో కూర్చుని నా వాదమంతా వినిపించాను. మీ అమ్మకు అర్థమయ్యే తెలుగులో ఆ పుస్తకం ఉండకుండా పండితులు చేశారు కదా అన్నాను. అతను కాసేపు మాట్లాడలేదు. తరవాత, "నువ్వు ఒకటి మర్చిపోతున్నావురా. మా తాతను బడి అరుగు కూడా ఎక్కనివ్వలేదు. ఆ భాష వాళ్ళ ఇళ్ళలో ఉండేది, మాకు వినబడకూడదని తలుపులు వేసుకునేవాళ్ళు. అదే భాష పుస్తకమై మా గుడిసెలోకి వచ్చింది. మాకు అర్థమయ్యే భాషలో రాసి ఇచ్చి ఉంటే, మీ స్థాయికి ఇది చాలులే అన్నట్టు ఉండేది. మా అమ్మ 'సృజించెను' అని పలికేటప్పుడు ఎంత నిటారుగా కూర్చునేదో నువ్వు చూడలేదు" అన్నాడు.

దీనికి నా దగ్గర సమాధానం లేదు. జనం భాష, పండితుల భాష అని నేను వేసిన తూకంలో, కావాలని కింది పళ్ళెంలో కూర్చోవడానికి ఎవరికీ ఇష్టం ఉండదన్న సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో తెరిచిన బడిలోనే మొదట్లో అగ్రకులాల పిల్లలతో కలిపి దళితుల పిల్లల్ని కూర్చోబెట్టలేదు. మిషన్ బడి చేయలేని పని మిషన్ పుస్తకం చేసిందన్నమాట. పండితుడు తన చెవికోసం కూర్చిన సమాసం, తాను ఏనాడూ ఊహించని నోళ్ళలో పడింది.

అయినా నా మొదటి మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను. ఆ నిటారుతనానికి ఒక వెల కూడా ఉంది. "సృజించెను" ఆమెను నిటారుగా కూర్చోబెట్టింది, అదే మాట ఆమె మనవడిని తరగతిలో "చర్చి తెలుగు మాట్లాడతాడు" అని నవ్వులపాలూ చేసింది. ఈ సంగతి చెప్పింది కూడా నా స్నేహితుడే, అదే సాయంత్రం.

వచ్చేముందు వాళ్ళమ్మ బైబిలు చూపించాడు. నల్ల అట్ట, అంచులు అరిగిపోయి దూది పింజల్లా లేచాయి. అట్ట లోపలివైపు ఖాళీ కాగితం మీద పెన్సిలుతో ఆమె రాసుకున్న వరసలు ఉన్నాయి. పైన "ప్రభువా, చిన్నదానికి ఉద్యోగము దయచేయుము" అని గుండ్రటి అక్షరాలు, అరసున్న ఒక్కటే తక్కువ. దాని కిందే, అదే పెన్సిలుతో, ఇంకొంచెం తొందరగా రాసిన వరస: "చిన్నదానికి దోవ ఖర్చులు 200".